టెక్ సందేహాలు: చేయి మారగానే కప్పు ఎగిరిపోతోంది

ప్రశ్న: బ్లెండర్‌లో చిన్న షార్ట్ ఫిల్మ్ చేస్తున్నాను. అమ్మమ్మ టేబుల్ మీది టీ కప్పు తీసి మనవడికి అందిస్తుంది. చేతితో పాటు కదిలేలా కప్పుకి Child Of కన్‌స్ట్రెయింట్ పెట్టాను. అమ్మమ్మ తీసేదాకా బాగానే ఉంది. మనవడి చేతికి మారే ఫ్రేమ్‌లో కప్పు మళ్లీ టేబుల్ మీదికి వెళ్లిపోతోంది. మనవడి చేయి జారకుండా దాన్ని కప్పుకి కడితే రెండూ వణుకుతున్నాయి. పైగా కప్పు చూస్తే థర్మాకోల్‌తో చేసినట్టు తేలికగా కనిపిస్తోంది. వచ్చే వారం సబ్మిషన్, టెన్షన్‌గా ఉంది.
— యానిమేషన్ విద్యార్థి, వరంగల్

జవాబు: Child Of కప్పుని చేతికి అతికించేస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి కప్పుకి సొంత స్థానం ఒకటి ఎప్పుడూ ఉంటుంది. మీరు మొదటి ఫ్రేమ్‌లో టేబుల్ మీద ఎక్కడ పెట్టారో అదే. చేయి ఎంత కదిలితే అంత కదలికను కన్‌స్ట్రెయింట్ దానికి కలుపుతుంది, అంతే. కన్‌స్ట్రెయింట్ ఎంత పనిచేయాలో చెప్పే Influence సున్నా కాగానే ఆ కలిపినది పోతుంది. కప్పు టేబుల్ మీదికి పోవడం లేదు, దాని లెక్క ప్రకారం అది అక్కడి నుంచి కదలనే లేదు.

కాబట్టి చేయి మారే ఫ్రేమ్‌లో కప్పు సొంత స్థానాన్ని కూడా మార్చాలి. సెకనుకి 24 ఫ్రేములు, మార్పు 72వ ఫ్రేమ్‌లో అనుకుందాం. కప్పు మీద రెండు Child Of ఉండాలి, ఒకటి అమ్మమ్మ చేతికి, ఇంకోటి మనవడి చేతికి. ముందు 71కి వెళ్లి కప్పు లొకేషన్, రొటేషన్ ఉన్నవి ఉన్నట్టే కీ చేయండి. అమ్మమ్మ Influence 1 దగ్గర, మనవడి Influence సున్నా దగ్గర కీ చేయండి. ఇప్పుడు 72కి వచ్చి, కప్పు సెలెక్ట్ చేసి Ctrl+A నొక్కి Visual Transform ఎంచుకోండి. కప్పు ఒక్కసారిగా ఎక్కడికో ఎగిరిపోతుంది. కంగారుపడి Ctrl+Z కొట్టకండి. కంటికి కనిపించే స్థానం సొంత స్థానంగా మారింది, దాని మీద అమ్మమ్మ చేతి కదలిక ఇంకోసారి కలిసింది. అమ్మమ్మ Influence సున్నా చేసి కీ పెట్టగానే కప్పు తిరిగి చేతి దగ్గరికి వచ్చేస్తుంది. అప్పుడు లొకేషన్, రొటేషన్ కీ చేసి, మనవడి Child Of లో Set Inverse నొక్కి, Influence 1 చేసి కీ పెట్టండి.

ఆ తర్వాత గ్రాఫ్ ఎడిటర్‌లో కప్పు కీలన్నీ సెలెక్ట్ చేసి, T నొక్కి Constant చేయండి. మామూలుగా ఉండే Bezier అలాగే వదిలేస్తే, కీల మధ్య దూరం ఉన్న చోట కప్పు ఒక స్థానం నుంచి ఇంకో స్థానానికి నెమ్మదిగా పాకుతుంది. చేతిలో కప్పు జారుతోందని మన దగ్గరికి వచ్చే ఫైళ్లలో సగం కేసులు ఇవే.

Set Inverse ఏ ఫ్రేమ్‌లో నొక్కామన్నది ముఖ్యం. అది ఆ క్షణంలో చేయి ఉన్న భంగిమను గుర్తు పెట్టుకుంటుంది. ఒక కన్‌స్ట్రెయింట్‌కి ఒకే గుర్తు. అందుకే మనవడు టీ తాగి కప్పు కింద పెట్టి మళ్లీ ఇంకో రకంగా పట్టుకుంటే, అదే చేతికి మూడో Child Of కావాలి. టార్గెట్‌గా పెట్టే బోన్ విషయంలోనూ జాగ్రత్త. రిగిఫై రిగ్ అయితే hand_ik.R కాకుండా DEF-hand.R ఇవ్వండి. మొదటిది మీరు పట్టి లాగే కంట్రోల్ మాత్రమే. స్ట్రెచ్ ఆపేసి ఉన్నప్పుడు దాన్ని చేతికి అందనంత దూరం లాగితే, చేయి ఆగిపోతుంది, కంట్రోల్ ముందుకెళ్లిపోతుంది, దానితో పాటు కప్పూ వెళ్లిపోతుంది.

ఇక వణుకు. మీరు కప్పుని మనవడి చేతికి కట్టారు, మనవడి చేతిని కప్పుకి కట్టారు. కప్పు ఎక్కడుందో తెలియాలంటే చేయి తెలియాలి, చేయి తెలియాలంటే కప్పు తెలియాలి. ఒకదాని Influence సున్నాలో ఉందిగా అంటారేమో. బ్లెండర్ ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారో లెక్క కట్టేటప్పుడు Influence చూడదు, ముడి ఉందా లేదా అన్నదే చూస్తుంది. విండోస్‌లో Window మెనూలో Toggle System Console తెరిస్తే `Dependency cycle detected` అని కనిపిస్తుంది. ప్లే చేస్తే ఒక రకంగా, టైమ్‌లైన్ మీద ఫ్రేమ్ లాగి చూస్తే ఇంకో రకంగా ఉన్నా అనుమానించాల్సింది దీన్నే.

దీనికి దారి సులువే. మనవడి hand_ik.R ని కప్పుకి కట్టకండి, అమ్మమ్మ DEF-hand.R కి కట్టండి. కప్పు ఇంకా అమ్మమ్మ చేతిలో కదలకుండా ఉన్న ఆ కొద్ది ఫ్రేముల్లో అమ్మమ్మ చేతిని అనుసరించడమన్నా, కప్పుని అనుసరించడమన్నా ఒకటే. అమ్మమ్మ రిగ్ ఎవరి మీదా ఆధారపడదు, మనవడి చేయి అమ్మమ్మ మీద, కప్పు ఇద్దరి మీద. ఎక్కడా గుండ్రంగా తిరిగి రాదు. 72 దగ్గర మనవడి చేతికీ కప్పుకి చేసినట్టే చేయాలి. పోజ్ మోడ్‌లో ఈ పని Pose, Apply, Visual Transform to Pose దగ్గర ఉంటుంది. మార్పు అయ్యాక అమ్మమ్మ చేతిని మనవడి చేతికి కట్టబోకండి, మళ్లీ మొదటికొస్తుంది. ఆ నాలుగైదు ఫ్రేములు చేత్తోనే కీ చేసుకోవాలి. 72 దగ్గర కప్పు దాదాపు నిలకడగా ఉండేలా చూసుకుంటే ఆ పని పెద్ద కష్టం కాదు.

థర్మాకోల్ సంగతికి వస్తే, అది సాఫ్ట్‌వేర్ సమస్య కాదు. సాధారణంగా మూడు చోట్ల తేలిపోతుంది.

మొదటిది, చేయి చాచడం. మార్క్ జానెరో అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త 1980లలో మనుషులు వస్తువుల్ని అందుకునే తీరుని ఫిల్మ్ తీసి చూశాడు. చేయి కప్పు దగ్గరికి చేరాక వేళ్లు విప్పుకోవు. దారిలోనే విప్పుకుంటాయి, అదీ కప్పుకి కావలసినదానికంటే ఎక్కువగా. దాదాపు మూడింట రెండొంతుల సమయం గడిచేసరికి వేళ్లు బాగా తెరుచుకుని, అక్కడి నుంచి మూసుకోవడం మొదలవుతుంది. మీ అమ్మమ్మ 1 నుంచి 20 దాకా చేయి చాపితే 13 లేదా 14లో వేళ్లు అన్నిటికంటే విశాలంగా ఉండాలి. చివరి ఆరేడు ఫ్రేముల్లో చేయి నెమ్మదించాలి. విద్యార్థుల పనుల్లో చేయి మూసుకునే వెళ్లి కప్పు దగ్గర ఆగి అప్పుడు తెరుచుకుంటుంది, పట్టకారులాగా.

రెండోది, ఎత్తడం. తాకిన ఫ్రేమ్‌లోనే కప్పు లేస్తే బరువు ఉండదు. స్వీడన్‌లో యోహాన్సన్, వెస్ట్‌లింగ్ 1984లో ప్రచురించిన ప్రయోగాల్లో, తాకిన తర్వాత పట్టు బిగుసుకోవడం, పైకి లాగే బలం పెరగడం రెండూ కలిసి నడుస్తాయని, వస్తువు లేవడం ఆ తర్వాతేనని కొలిచి చూపించారు. ఈ ఆలస్యం సెకనులో చిన్న భాగమే, అయినా మీరు కనీసం రెండు మూడు ఫ్రేములు ఇవ్వాలి. 20లో తాకనివ్వండి, 20 నుంచి 22 వరకు వేళ్లు బిగియనివ్వండి, మణికట్టు కొంచెం కుంగనివ్వండి, కప్పు మాత్రం కదలకూడదు. 23లో లేవాలి. Child Of మార్పు 22లో పెట్టుకుంటే రెండూ నిలకడగా ఉన్నప్పుడే అయిపోతుంది, కంటికి ఆనదు. లేచాక ఇంకోటి చూడండి. కప్పు చేతికి కట్టి ఉంది కాబట్టి మణికట్టు తిరిగినంతా కప్పూ వాలుతుంది. నిండు టీ కప్పుని ఎవరూ అలా వాల్చరు. ముంజేయి లేస్తున్నకొద్దీ మణికట్టుని ఎదురుదిశలో తిప్పుతూ కప్పు అంచుని అడ్డంగా ఉంచండి.

మూడోది, అందించడం. అసలు మజా ఇక్కడే ఉంది. ఒక ఫ్రేమ్‌లో ఒకరు, తర్వాతి ఫ్రేమ్‌లో ఇంకొకరు అన్నది కన్‌స్ట్రెయింట్‌ల లెక్క, మనుషుల లెక్క కాదు. ఇద్దరి వేళ్లూ కప్పు మీద కాసేపు కలిసి ఉంటాయి. ఎదుటివాడు బిగించేకొద్దీ ఇచ్చేవాళ్లు వదులు చేస్తారు. వాడి పట్టు చేతికి తెలిశాకే పూర్తిగా వదులుతారు. అమ్మమ్మ చేయి 60లో ఆగుతుందనుకుంటే, మనవడి చేయి 50 ప్రాంతంలోనే బయల్దేరాలి, ఆమె ఆగేదాకా చూస్తూ కూర్చోడు. 64లో అతని వేళ్లు తాకుతాయి. 64 నుంచి 72 వరకు ఇద్దరూ పట్టుకుంటారు. 68 దగ్గర కప్పుని అతని వైపు కొంచెం జరపండి, బరువు చేతులు మారుతున్నట్టు తెలుస్తుంది. 72 నుంచి 76 వరకు అమ్మమ్మ వేళ్లు విప్పుకుంటాయి. బొటనవేలు ముందు విడిపించి, మిగతావి ఒక్కో ఫ్రేమ్ తేడాతో వదలండి. చేయి వెంటనే వెనక్కి లాగేయకండి, ఖాళీ అయిన చేయి ఒక్క క్షణం అక్కడే ఉండి, బరువు తగ్గినందుకు వెంట్రుకవాసి పైకి లేస్తుంది.

ఇదంతా చేసే ముందు పిడి ఎవరు పట్టుకున్నారో చూసుకోండి. వేడి టీ కదా, అమ్మమ్మ పిడి పట్టుకుంటే మనవడు కాలే గోడ పట్టుకోవాలి. ఆమె సాసర్ కింద చేయి పెట్టి, పిడి మనవడి కుడి చేతి వైపు తిప్పి ఇస్తే ఇద్దరి వేళ్లూ ఒకే చోట కొట్టుకోవు, మీ పనీ తగ్గుతుంది. అప్పుడు కట్టాల్సింది సాసర్‌ని, కప్పు దాని పిల్లగా వస్తుంది.

తప్పులు పట్టుకోవడానికి ఇంకో కెమెరా పెట్టి, Ctrl+P తో దాన్ని కప్పుకి పేరెంట్ చేయండి. ఆ కెమెరాలోంచి చూస్తే కప్పు కదలదు, లోకమే కదులుతుంది, వేలు మిల్లీమీటరు జారినా బయటపడుతుంది. వేళ్లు కప్పులోకి ఒకటి రెండు మిల్లీమీటర్లు దిగినా పట్టించుకోకండి, నిజం వేళ్ల కొసలు కూడా నొక్కుకుంటాయి, ఆనీ ఆననట్టు ఉంటేనే తేలుతున్నట్టు కనిపిస్తుంది. కప్పు గెంతుతోందా అన్నది మాత్రం ఈ కెమెరాలో తెలియదు. దానికి కప్పు Motion Paths లెక్కించి గీత చూడండి, 72 దగ్గర ముల్లులా పొడుచుకొస్తే Set Inverse వేరే ఫ్రేమ్‌లో నొక్కినట్టే.

వారంలో ఇదంతా కుదరకపోతే 66 దగ్గర కట్ చేసి మనవడి మొహం చూపించి, 76 తర్వాత చేతుల దగ్గరికి తిరిగి రండి.