యాభై కోడిపిల్లలకు ఎంత కావాలి? మొదటి గుడ్డు వచ్చేదాకా లెక్క

"సార్, మాది విశాఖ జిల్లా ఆనందపురం దగ్గర పల్లె. ఇంటి వెనక మూడు సెంట్ల జాగా ఉంది. యాభై గ్రామప్రియ జాతి పిల్లలు తెచ్చి గుడ్లు అమ్ముదామనుకుంటున్నాను. షెడ్డుకీ మేతకీ టీకాలకీ ఎంతవుతుంది, నెలకి ఎంత మిగులుతుంది? గాజులు తాకట్టు పెట్టి 60,000 తేవాలా?"

గాజులు తాకట్టు పెట్టకండమ్మా. ఎందుకో లెక్కలోనే కనిపిస్తుంది. కింది ధరలు నేను అంచనాగా వేసుకున్నవి. మీ ఊరి దుకాణంలో అడిగి మార్చుకోండి, లెక్క కట్టే తీరు మాత్రం ఇదే.

ఒకరోజు పిల్లల్లో పెట్టలూ పుంజులూ కలిసే వస్తాయి. యాభైలో అయిదు పోయినా 45 మిగులుతాయి, అందులో పెట్టలు 22 దాకా ఉంటాయి. గుడ్లు పెట్టేవి అవే. రెండు పుంజులను ఉంచుకుని మిగతావి నాలుగో నెలలో అమ్మేస్తారు. ఆ తర్వాత ఇంట్లో ఉండేవి 24 కోళ్లే కాబట్టి యాభైకి సరిపడా పెద్ద షెడ్డు అక్కర్లేదు. పది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు చాలు. పగలు వల కట్టిన జాగాలో వదలండి. పొడవు తూర్పు పడమరలుగా ఉంటే ఎండ లోపలికి కొట్టదు. రేకులను మాత్రం కొక్కేలు వేసి దూలాలకు గట్టిగా బిగించండి. 2014 అక్టోబరు హుద్‌హుద్‌ తుఫానును చూసినవాళ్లం, ఇక్కడ పిసినారితనం పనికిరాదు.

షెడ్డుకు 14,000, మేత తొట్లు, నీటి డబ్బాలు, వెచ్చదనానికి బల్బు 2,500, పిల్లలు ఒక్కోటి 35 చొప్పున 1,750, టీకాలకు 600. మొత్తం 18,850.

చాలామంది ఇక్కడితో లెక్క ఆపేస్తారు. గ్రామప్రియ మొదటి గుడ్డు పెట్టడానికి సుమారు అయిదున్నర, ఆరు నెలలు పడుతుంది. అన్నాళ్లూ మేత కొనాల్సిందే. మొదటి ఆరు వారాలకు పిల్లకు కిలోన్నర చొప్పున, మధ్యలో పోయేవి పోగా సుమారు 72 కిలోలు, కిలో 45 అనుకుంటే 3,240. పదిహేనో వారం దాకా మరో 170 కిలోలు, 35 చొప్పున 5,950. అంటే పుంజులు అమ్మే నాటికి మీ చేతినుంచి 28,000 పోయి ఉంటుంది. ఇరవై పుంజులకు 300 చొప్పున 6,000 వస్తే, గుడ్లు మొదలయ్యేదాకా పెట్టలకు కావలసిన 4,200 రూపాయల మేత దానిలోంచే సరిపోతుంది. చేతిలో మరో 3,000 అట్టేపెట్టుకుంటే 31,000తో పని జరుగుతుంది.

ఇక నెలవారీ లెక్క. కోడికి రోజుకు 110 గ్రాముల చొప్పున 24 కోళ్లకు నెలకు 79 కిలోలు, అంటే 2,765. కరెంటు, ఊక, నులిపురుగుల మందుకు 235 వేసుకోండి. ఖర్చు 3,000. పెట్టకు నెలకు 14 గుడ్ల చొప్పున సుమారు 300 గుడ్లు, పది రూపాయల లెక్కన 3,000. అన్నీ కొని మేపితే మిగిలేది సున్నా.

మిగలాలంటే కొన్న మేతలో నాలుగో వంతు తగ్గించాలి: తోటకూర, మునగాకు, మిగిలిన అన్నం, కొంచెం చోళ్లు. దానివల్ల నెలకు 700 దాకా మిగులుతుంది. అంతకంటే తగ్గిస్తే గుడ్లు తగ్గుతాయి. గుడ్డు పెంకు పలచబడుతుంటే సున్నం చాలడం లేదని అర్థం, ఆల్చిప్పల పొడి వేయండి. గాజుల మీద 60,000కు నూటికి రూపాయి వడ్డీ వేసుకున్నా నెలకు 600. మీ కష్టమంతా వడ్డీకే పోతుంది.

టీకాలకు డబ్బు తక్కువే, జాగ్రత్త ఎక్కువ. ఏడో రోజు కొక్కెర తెగులుకు లసోటా చుక్క, పద్నాలుగో రోజు గంబోరో జబ్బుకు టీకా, ఇరవై ఎనిమిదో రోజు మళ్లీ లసోటా, ఎనిమిదో వారంలో అదే కొక్కెర తెగులుకు ఆర్‌టూబీ సూది. సీసాలో కనీసం వంద డోసులు ఉంటాయి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. అందుకే పక్కింటి కోళ్లకూ అదే రోజు వేయించి ఖర్చు పంచుకోండి. పశువైద్యశాల నుంచి ఐసు ఫ్లాస్కులోనే తేవాలి. ఎండలో సంచిలో వచ్చిన టీకా వేసినా వేయనట్టే. ఆకుపచ్చ రెట్ట, మెడ తిరగడం, ముక్కుతూ ఊపిరి తీయడం కనిపిస్తే ఆ కోడిని వేరుచేసి డాక్టరుకు చెప్పండి. కొక్కెర తెగులు వచ్చాక మందు లేదు.

మన సముద్రపు గాలికి మేత త్వరగా బూజు పడుతుంది. నెలకు మించి కొనకండి, బస్తా చెక్క మీద పెట్టండి. కొన్న మేతే పూర్తిగా వేస్తే యాభై కిలోల బస్తా 19 రోజులు రావాలి, ఆకులతో కలిపి వేస్తే 25. పద్నాలుగు రోజులకే ఖాళీ అయితే ఎలుకలు తింటున్నాయి, లేదా తొట్టి ఎత్తు కోడి వీపు కంటే తక్కువగా ఉండి మేత కింద పడుతోంది. ముందు ఆ రెండూ చూడండి, ఆ తర్వాతే మరో బస్తా కొనండి.