ర్యాంకు వచ్చాక మొదటి పది రోజులు

అమ్మలూ,

ఆశీస్సులు. ఎంట్రన్సులో అనుకున్న ర్యాంకు రాలేదని, ఇంకో ఏడాది కూర్చుని మళ్లీ రాయాలా వద్దా తేలక నువ్వు ఎవరి ఫోనూ ఎత్తడం లేదని మీ నాన్న చెప్పాడు. నా ఫోనూ ఎత్తకు, ఏం పర్లేదు. ఈ ఉత్తరం మాత్రం తీరిగ్గా చదువుకో.

ముందు ఆ ర్యాంకును కాస్త పక్కన పెట్టు. ర్యాంకులో నీ చదువుతో పాటు మిగతా వాళ్ల చదువు కూడా కలిసి ఉంటుంది. మధ్య మార్కుల దగ్గర జనం కిక్కిరిసి ఉంటారు కాబట్టి, అక్కడ పది మార్కులు తగ్గినా ర్యాంకు ఎక్కడికో జారిపోతుంది. అందుకే మార్కులు చూడు. ఆ మార్కులు ఎక్కడ పోయాయో చూడు.

నీ రెస్పాన్స్ షీటు, కీ, ప్రశ్నపత్రం తీసుకుని కూర్చో. తప్పు పోయినవాటికీ వదిలేసినవాటికీ గుర్తులు పెట్టి, కీ మూసేసి, తెల్లకాగితం మీద ఒక్కొక్కటే మళ్లీ చెయ్యి. గడియారం వద్దు, పుస్తకం తెరవద్దు. ఒక్క రోజులో అవ్వదు, రోజుకి పది చాలు. చదవాలన్న మనసు వచ్చాక మొదలుపెడతానంటావేమో, ఈ పనికి మనసుతో పెద్దగా అవసరం లేదు. ఇది చదువు కాదు, లెక్క చూసుకోవడం.

నా దగ్గర చదివిన ఒకబ్బాయి పేపరు చెప్తాను. 75 ప్రశ్నలు, ఒప్పుకి 4, తప్పుకి మైనస్ 1. వాడివి 34 ఒప్పులు, 24 తప్పులు, 17 వదిలేసినవి. మొత్తం 112. ఊరికే గుడ్డిగా పెట్టి మునిగిపోయానని తెగ బాధపడ్డాడు. తీరా చూస్తే వాడు గుడ్డిగా పెట్టినవి 12, అందులో 4 తగిలాయి. అంటే 16 వచ్చి 8 పోయాయి, ఎనిమిది మార్కులు లాభమే. నాలుగు ఆప్షన్లున్నప్పుడు గుడ్డిగా పెడితే సగటున ప్రశ్నకి పావు మార్కు వస్తుంది, అంతే. దాని వల్ల మునిగిందీ లేదు, తేలిందీ లేదు.

అసలు దెబ్బ వేరే చోట తగిలింది. తప్పుల్లో 7 ఇంట్లో కూర్చుని చేస్తే సునాయాసంగా వచ్చేశాయి. ఒక దాంట్లో కింద లైనుకి దించేటప్పుడు మైనస్ గుర్తు జారిపోయింది. ఇంకోదాంట్లో ‘సరికానిది ఏది’ అంటే ‘సరైనది ఏది’ అని చదివాడు. ఇలాంటిది ఒక్కటి పోతే రావలసిన 4 పోయి, పైన ఇంకో 1 కూడా పోతుంది. అంటే 35 మార్కులు. వదిలేసిన వాటిలో 6 టైము చాలక వదిలేసినవి, అవి 24. ఈ 59 మార్కుల కోసం పుస్తకాలు మళ్లీ మొదటి పేజీ నుంచి తిరగేస్తే ఏమీ ఒరగదు. గడియారం పెట్టుకుని మాక్ టెస్టులు రాయాలి, ప్రతి టెస్టు తర్వాతా ఇదే లెక్క చూసుకోవాలి. అయినా అన్నీ తిరిగి రావు. సగం వస్తాయనుకో, 140 దాటుతాడు.

వాడికి కావలసిన సీటుకి కిందటేడు 180 దాకా పట్టింది. మిగతా 40 నిజంగా రాని వాటిలోంచే రావాలి. అలాంటివి తప్పుల్లో 9, వదిలేసిన వాటిలో 11. ఆ ఇరవైలో 13 నాలుగే చాప్టర్లలో ఉన్నాయి. ఇంకో ఏడాది కూర్చోవడానికి నాకు కనిపించిన కారణం ఇదొక్కటే. అవే సిలబస్ అంతటా చెల్లాచెదురుగా ఉంటే, వచ్చిన సీటులో చేరమని చెప్పేవాణ్ణి.

అయినా వెంటనే సరే అనలేదు. ఆ నాలుగింటిలో ఒక్క చాప్టరు పది రోజులు చదివించి, ముందెప్పుడూ చూడని 20 ప్రశ్నలు టైము పెట్టి ఇచ్చాను. 14 చేశాడు. ఏడెనిమిది దగ్గరే ఆగి ఉంటే వద్దనేవాణ్ణి. మరుసటి ఏడు వాడికి 174 వచ్చాయి, అనుకున్న కాలేజీ రాలేదు, అనుకున్న కోర్సు వచ్చింది. ఆ మాటా దాచకుండా చెప్పాలి కదా.

ఈలోగా ఒక్క జాగ్రత్త. ఈ లెక్క పూర్తయ్యే దాకా సీట్ల గడువు ఆగదు. ఆప్షన్లు పెట్టెయ్, డబ్బు కట్టే తేదీ గోడ మీద రాసుకో. సీటు తీసుకున్నాక మళ్లీ రాయనిస్తారో లేదో, మానేస్తే ఫీజు ఎంత వెనక్కిస్తారో నిబంధనల్లోనే చూడు, స్నేహితుల మాట మీద ఉండకు. రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోతే, అన్నం సయించకపోతే, లెక్కలన్నీ పక్కన పెట్టి అమ్మతో చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లు.

మొదటి పది ప్రశ్నలు చేశాక ఆ కాగితాలు ఫొటో తీసి పంపు. తప్పుల పక్కన ‘జారింది’, ‘రాదు’, ‘గుడ్డిది’ అని నీ చేత్తోనే రాయి. ‘జారింది’ అని ఎక్కువ రాస్తే మాత్రం నమ్మను, అవి నా ముందు మళ్లీ చేయిస్తాను.

మీ పెదనాన్న