ఇల్లు ఖాళీ చేయమంటే ముందు నోటీసు చూడు

చిట్టీ,

సీతమ్మధార ఇంటి ఓనరు ఇరవయ్యో తారీఖున ఫోన్ చేసి ఒకటో తారీఖుకల్లా ఖాళీ చేయమన్నాడని రాశావు. పదకొండు నెలల అగ్రిమెంటు జనవరిలోనే అయిపోయింది కాబట్టి నీకింక హక్కేం లేదన్నాడట. అదంత తేలిక కాదు. నువ్వు టెన్షన్ పడకు.

గడువు తీరాక కూడా ఆయన నెలనెలా నీ అద్దె తీసుకుంటూనే ఉన్నాడు కదా. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, అలాంటప్పుడు అద్దె నెలవారీగా కొనసాగుతున్నట్టే లెక్క. దాన్ని ఆపాలంటే 106వ సెక్షన్ కింద రాతపూర్వకంగా, సంతకం పెట్టి 15 రోజుల నోటీసు ఇవ్వాలి. ఫోన్లో చెప్పింది నోటీసు కాదు. రోజుల లెక్క నీకు నోటీసు అందిన తేదీ నుంచి మొదలవుతుంది. జూన్ 3న అందితే 18తో గడువు అయిపోతుంది. కవరు పారేయకు, తేదీకి అదే సాక్ష్యం. పోస్ట్‌మ్యాన్ తెస్తే వద్దని తిప్పి పంపకు, అలా పంపినా అందినట్టే కోర్టులు చూస్తాయి.

నోటీసు గడువు తీరినా తనంతట తాను తాళం వేసుకునే హక్కు ఆయనకు లేదు. నువ్వు కదలకపోతే కోర్టుకు వెళ్లాల్సిందే. బలవంతంగా గెంటేస్తే, నువ్వు ఆరు నెలల్లోపు 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద దావా వేసి ఇల్లు తిరిగి స్వాధీనం చేసుకోవచ్చు. అలాగని ఊరికే మొండికేసి కూర్చోకు. గడువు దాటి ఉన్న రోజులకు కోర్టు డబ్బు కట్టించవచ్చు. రాష్ట్ర అద్దెల చట్టం కూడా ఉంది కాబట్టి, నోటీసు రాగానే ఒక లాయరుకు చూపించు.

ఈలోగా అద్దె ఒక్క నెల కూడా ఆపకు. అడ్వాన్సులో సర్దుకోమని నోటిమాటగా వదిలేస్తే, రేపు బాకీ ఉన్నావని ఆయనే చెప్తాడు. యూపీఐలో పంపి, ఏ నెల అద్దో అక్కడే రాయి.

కిటికీ గ్రిల్లు తుప్పు పట్టిందని అడ్వాన్సులో కోస్తానన్నాడా? మన సముద్రగాలికి ఇనుము ఎంతకాలం నిలుస్తుంది! మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు బాధ్యత నీది కాదు. నువ్వు పగలగొట్టిన వాష్‌బేసిన్ అయితే నీదే. స్లాబు నీళ్లు కారుతోందన్నావు. అగ్రిమెంటులో రిపేరు ఓనరుదని ఉంటే ముందు రాసి అడుగు. తగినంత సమయమిచ్చినా చేయకపోతే నువ్వే చేయించి, ఆ ఖర్చు అద్దెలో మినహాయించుకోవచ్చు. బిల్లులు, ఫొటోలు మాత్రం ఉండాలి.

నువ్వే ఖాళీ చేద్దామనుకున్నా అదే 15 రోజుల నోటీసు నువ్వూ ఇవ్వాలి. తాళాలిచ్చే రోజు ఇల్లంతా వీడియో తీసి, అందినట్టు రాయించుకో. అగ్రిమెంటు కాపీ వాట్సాప్‌లో పంపు, నోటీసు గడువు గురించి అందులో వేరేగా ఏమైనా రాసుకున్నారేమో చూస్తాను.

మావయ్య