గుండు తర్వాత చెన్నై ఎండ, మళ్ళీ జుట్టు వచ్చేదాకా

"వచ్చే నెల తిరుమలలో తలనీలాలు ఇస్తున్నాను. ఉండేది చెన్నైలో, ఆఫీసుకు స్కూటీ మీద వెళ్తాను. గుండు మీద ఎండ పడితే ఏమైనా అవుతుందా? చందనం రాసుకుంటే సరిపోతుందా? జుట్టు ఎన్నాళ్ళకు వస్తుంది? ఈసారి ఒత్తుగా వస్తుందని మా అత్తగారు అంటున్నారు, నిజమేనా?"

అవుతుందండీ, నాకు అయింది. రెండేళ్ళ క్రితం ఏప్రిల్‌లో మావారి ఆపరేషన్ మొక్కు తీర్చడానికి వెళ్ళి కల్యాణకట్టలో గుండు చేయించుకున్నాను. మర్నాడు తిరుగు ప్రయాణం. నెత్తి నిండా చందనం పట్టించి, పైన పలచటి నైలాన్ చున్నీ కప్పుకుని, ఇంకేం భయం అనుకున్నాను. బస్సులో కిటికీ పక్క సీటు, అద్దం తీసే ఉంది, ఎండ నా వైపే. మాధవరంలో దిగాక ఆటో కోసం మిట్టమధ్యాహ్నం ఇరవై నిమిషాలు నిలబడ్డాను.

అప్పుడేమీ తెలియలేదు. ఎండ దెబ్బతో వచ్చిన చిక్కే అది, తగిలేటప్పుడు ఊరుకుని కొన్ని గంటల తర్వాత బయటపడుతుంది. సాయంత్రం నెత్తి మీద చెయ్యి పెడితే పెనంలా ఉంది. రాత్రి తల దిండుకు ఆనించలేకపోయాను. తెల్లారి వెనక ఇంకో అద్దం పట్టుకుని చూసుకుంటే నడినెత్తి అంతా ఎర్రగా కమిలిపోయి ఉంది, మధ్యలో మాత్రం సన్నటి గోధుమరంగు గీత. ఇరవై ఏళ్ళుగా ఒకే చోట పాపిట తీస్తున్నాను కదా, ఎండకు కాస్త అలవాటు పడిన చర్మం అదొక్కటే. మిగతాదంతా జుట్టు నీడలో పెరిగింది. పైగా కత్తి వెంట్రుకలతో పాటు చర్మం పైపొరను కూడా కాస్త గీకేస్తుంది. మొహం తట్టుకునే ఎండను గుండు తట్టుకోకపోవడానికి కారణం ఇదే.

చందనం చల్లగా ఉంటుంది, అంతవరకే. చల్లగా ఉంది కాబట్టి ఎండ ఆగిపోయిందనుకోవడం నేను చేసిన మొదటి తప్పు. ఆరిపోయి పెచ్చులుగా రాలితే అదీ ఉండదు. రెండో తప్పు ఆ చున్నీ. గుడ్డను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి, అవతలి కిటికీ కనిపిస్తుంటే ఎండ కూడా అలాగే లోపలికి దిగుతుంది. దగ్గర నేత ఉన్న నూలు స్కార్ఫ్ రెండు మడతలు వేసి కట్టుకుంటే నయం. చెవుల పైభాగం, మెడ వెనక కూడా మూసుకోవాలి. ఇన్నాళ్ళూ వాటికీ జుట్టే గొడుగు.

సన్‌స్క్రీన్ గుండు చేయించిన రోజే రాయకండి. కంటికి కనబడని గాట్లు ఉంటాయి, భగ్గుమంటుంది. ఆ రోజు మంచినీళ్ళతో కడిగి, తెగిన చోట యాంటీసెప్టిక్ ఆయింట్‌మెంట్ రాసి, గుడ్డ కట్టుకుని నీడపట్టున ఉంటే చాలు. మర్నాటి నుంచి ఎస్‌పీఎఫ్ 30 కానీ అంతకంటే ఎక్కువ కానీ ఉన్నది రాయొచ్చు. జింక్ ఆక్సైడ్ ఉన్న రకం నాకు మంట పుట్టించలేదు. నెత్తికి సుమారు అర టీస్పూను పడుతుంది. మొదట్లో నేను బొట్టంత తీసుకుని రుద్దేదాన్ని, అది లెక్కలోకి రాదు. బయటికి వెళ్ళే పావుగంట ముందు రాయాలి. బయటే ఉంటే రెండు గంటలకోసారి, చెమటకు కారిపోతే ఇంకా ముందే మళ్ళీ రాయాలి. చెన్నైలో చెమట పట్టని రోజేది!

ఒకవేళ కమిలితే చల్లటి నీళ్ళలో తడిపిన గుడ్డ పది పదిహేను నిమిషాల చొప్పున రోజుకు నాలుగైదు సార్లు వేయండి. ఐసు నేరుగా పెట్టొద్దు. మా అమ్మ ఫోన్లో చెప్పిందని నేను కొబ్బరినూనె దట్టంగా పట్టించాను, వేడి లోపలే ఉండిపోయి మంట ఎక్కువైంది. నూనె మానేసి, వాసన లేని మామూలు మాయిశ్చరైజర్ రాశాకే నెమ్మదించింది. అయిదో రోజు నుంచి పొర ఊడటం మొదలైంది. దాన్ని గిల్లి లాగకూడదు, కింద ఉన్నది ఇంకా పచ్చిచర్మమే. బొబ్బలు లేచినా, చలిజ్వరం, వాంతులు వచ్చినా ఇంటి వైద్యం ఆపి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఇక మీ స్కూటీ సంగతి. గుండు తర్వాత హెల్మెట్ వదులైపోతుంది, ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు. ఒత్తు జుట్టు పోయిన మేర లోపల ఖాళీ వస్తుంది, బ్రేకు వేస్తే కళ్ళ మీదికి జారుతుంది. లోపల పలచటి నూలు టోపీ వేసుకుని గడ్డం కింది పట్టీ బిగించుకోండి. ఆ టోపీ మాత్రం రోజూ ఉతకాలి. నేను రెండు రోజులు ఉతకలేదు. అప్పటికి కొత్త వెంట్రుకలు ముళ్ళలా పొడుచుకొస్తున్నాయి, పొద్దున్నే మళ్ళీ నూనె కూడా రాస్తున్నాను. తొమ్మిదో రోజుకు మెడ వెనక, హెల్మెట్ అంచు ఒరుసుకునే చోట చీము పొక్కులు లేచాయి. ఎండకు పొర ఊడుతోందనుకుని రెండు రోజులు ఊరుకున్నాను. తేడా కనిపెట్టడం తేలికే. ఎండ దెబ్బ ఎరుపు పరుచుకుని ఉంటుంది, వారంలో పొడి పొరలుగా ఊడిపోతుంది. చీము పొక్కు విడివిడిగా ఉంటుంది, నడుమ ఒక వెంట్రుక కనిపిస్తుంది. స్కిన్ డాక్టరు నూనె ఆపించి, వారం పాటు యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ ఇచ్చారు, తగ్గిపోయింది. నాలుగో రోజు నుంచి రెండో వారం దాకా దురద మామూలే. గోళ్ళతో కాదు, అరచేత్తో తట్టండి.

జుట్టు నెలకు సుమారు సెంటీమీటరు పెరుగుతుంది. మూడు నెలలకు నాది అబ్బాయిల క్రాపులా ఉంది, ఏడాదికి చెవులు మూసుకుంది. భుజాల దాకా రావాలంటే రెండేళ్ళు దాటుతుంది.

మీ అత్తగారి మాట ఎక్కడి నుంచి వచ్చిందో గుండు చేయించుకున్నాక నాకే అర్థమైంది. నెల తిరిగేసరికి తల తడిమితే జుట్టు నిజంగానే మందంగా, గరుకుగా తగులుతుంది. కత్తి తెగ్గొట్టిన వెంట్రుకకు కొస మొద్దుగా ఉంటుంది, ఎప్పటినుంచో పెరిగిన వెంట్రుక కొస అరిగి సన్నబడి ఉంటుంది, తేడా అంతే. వెంట్రుక కుదుళ్ళు చర్మం లోపల కొన్ని మిల్లీమీటర్ల లోతున ఉంటాయి, కత్తి అక్కడిదాకా పోదు. అందుకే ఎన్ని ఉన్నాయో అన్నే మొలుస్తాయి. అంతకుముందే పలచబడుతున్న చోటు ఉంటే గుండు తర్వాత కూడా అక్కడ పలచగానే వస్తుంది. నాకు సుడి దగ్గర అలాగే వచ్చింది. మూడు నెలల తర్వాత కూడా ఎక్కడైనా గుండ్రంగా నున్నగా మిగిలిపోతే అది గుండు వల్ల కాదు, చూపించుకోవాలి.

ఇప్పుడు నా జడ జానెడుంది. పాపిట మాత్రం పక్కకు మార్చేశాను.