కుళాయి వెనక గుంట దగ్గర మొదలుపెట్టు

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమావయ్య ఆశీస్సులు. అన్నాలు తినే చోట ఈగలు, ఎలుకలు, చీమలు చేరకుండా ఏం చెయ్యాలో సోమవారం మీ బడి అసెంబ్లీలో నిన్ను మాట్లాడమన్నారని మీ అమ్మ చెప్పింది. పరిశుభ్రత అన్న మాటతో మొదలుపెట్టావంటే వెనక వరసల్లో పిల్లలు కాళ్ళు మార్చుకుంటూ గంట కోసం చూస్తారు. నేనూ ఆ ఎండలో ఉపన్యాసాలిచ్చినవాణ్ణే. ఐదు నిమిషాలు దాటనివ్వకు.

శనివారమే నలుగురు పిల్లల్ని వెంటేసుకుని బడి ఆవరణంతా ఓసారి తిరుగు. ఈగలు వాలే చోటు అందరికీ తెలుసు. అవి పుట్టే చోటు వెతకండి. నేను పనిచేసిన ఒక బళ్ళో వరండా నిండా ఈగలే. రోజూ ఫినాయిల్ వేసి కడిగించాం, ఏమీ తగ్గలేదు. చివరికి ఒక ఏడో తరగతి పిల్లాడు చూపించాడు. కంచాలు కడిగే కుళాయి వెనక చిన్న గుంట, అందులో రోజూ కొట్టుకుపోయిన మెతుకులు, పప్పు. పుల్లతో కదిపితే తెల్లటి పురుగులు. గుంట అంచున పొడి మట్టిలో గోధుమరంగు గింజల్లాంటివి కనిపించాయి. అవి గింజలు కావు, ఈగలు బయటికి రాబోయే గూళ్ళు. పురుగు బాగా తిన్నాక తడి వదిలి పొడి మట్టిలోకి పాకి అలా గూడు కట్టుకుంటుంది. అవి కనిపించాయంటే ఈగలు అక్కడే పుడుతున్నట్టు.

మన ఎండలకి గుడ్డు ఈగ కావడానికి వారం, పది రోజులు చాలు. కాబట్టి వారానికి రెండుసార్లు ఆ గుంట తోడి పారేస్తే పురుగుకి ఈగయ్యే వ్యవధి దొరకదు. అంతకన్నా మేలు, మెతుకు అక్కడిదాకా పోకుండా చూడటం. మేం కుళాయికి పది అడుగుల ముందు మూతున్న బకెట్టు పెట్టాం. కంచంలో మిగిలింది అందులో దులిపాకే కడగాలి. సాయంత్రం గేదెలున్న ఒకాయన వచ్చి కుడితిలోకి పట్టుకెళ్ళేవాడు. ఆయన రాని రోజున మట్టిలో పాతేసేవాళ్ళం, రాత్రికి మాత్రం ఉంచలేదు. మొదటి వారం ఏ తేడా కనిపించక, ఇదంతా దండగని టీచర్లే నవ్వారు. అప్పటికే ఎగురుతున్న ఈగలు చచ్చేదాకా రెండు మూడు వారాలు ఆగాలి మరి. ఈ సంగతి పిల్లలకి ముందే చెప్పు, లేకపోతే నాలుగో రోజుకే బకెట్టు మూలన పడుతుంది.

ఈగ ఎలా తింటుందో చెప్పావంటే మాత్రం అందరూ వింటారు. దానికి నమిలే నోరు లేదు. గట్టి పదార్థం మీద ఉమ్మి కక్కి, కరిగించి పీలుస్తుంది. అంతకుముందు అది పెంట మీద వాలొచ్చిందేమో ఊహించుకోమను. కొందరు "ఛీ" అంటారు, అననీ.

చీమలకి ఉపన్యాసం అక్కర్లేదు. వరండా అంచున చిక్కీ ముక్క పెట్టించు. బారు కట్టాక, మధ్యలో జానెడు మేర సబ్బునీళ్ళ గుడ్డతో తుడిపించు. ముందు చీమ వదిలిన వాసన పట్టుకునే వెనకవి వస్తాయి కాబట్టి, అది చెరిగిపోగానే అటూ ఇటూ తచ్చాడతాయి. మూడొందల మందికి ఇది కనపడదు. అందుకని చూసిన పిల్లలలో ఒకర్ని మైకు దగ్గరికి పిలిచి చెప్పించు. కాసేపటికి అవి వేరే దారి చూసుకుంటాయనీ, చిక్కీ ముక్క తీసేస్తేనే రావడం మానతాయనీ కూడా ఆ పిల్లే చెప్పాలి. జేబుల్లో, సంచుల్లో చిక్కీ దాచుకునేవాళ్ళు అప్పుడు తల దించుకుంటారు. పురుగుమందు కలిసిన చీమల సుద్ద మాత్రం బళ్ళోకి రానివ్వకు. అది అచ్చం చాక్‌పీసులా ఉంటుంది, చిన్నపిల్లల చేతికి చిక్కితే ప్రమాదం.

ఎలుకల పని పిల్లలది కాదు. వాళ్ళకి ఒక్కటే చెప్పు: అన్నం బాక్సు రాత్రి క్లాసులో వదలొద్దు. బియ్యం గది సంగతి నువ్వు చూడు. తలుపు కింద సందులో పెన్సిలు దూరితే చిట్టెలుక దూరినట్టే. ఆ సందుకి రేకు కొట్టించు. బస్తాలు చెక్కబల్ల మీద, గోడకి జానెడున్నర ఎడంగా ఉంటే వెనక చీపురు పడుతుంది, పెంటికలు కనిపిస్తాయి. నల్లగా మెత్తగా ఉంటే రాత్రివి, బూడిదరంగులో పొడిగా ఉంటే పాతవి. మందు పెట్టనివ్వకు. అది తిన్న ఎలుక బస్తాల మధ్యే చస్తుంది, లేదా ఆ మందే బియ్యంలో కలుస్తుంది. గోడవారగా బోను పెట్టి, ఎండుకొబ్బరి ముక్క గుచ్చితే చాలు. కొత్త వస్తువంటే ఎలుకకి అనుమానం, రెండు మూడు రాత్రులు దగ్గరికి రాకపోయినా బోను కదపకు.

మాట్లాడటం అయ్యాక బకెట్టు ఎవరు మోస్తారో తరగతులవారీగా అక్కడే చదివెయ్యి. మొదటి వారం పదో తరగతికివ్వు. చిన్నవాళ్ళకిస్తే పెద్దవాళ్ళు ఆ పని మళ్ళీ ముట్టుకోరు.

మీ పెద్దమావయ్య