బ్యాంకులో తొమ్మిది కిస్తీలు, ఫండ్‌లో ఎనిమిది: ఎవరిని నిలదీయాలి?

ప్రశ్న: నెలకు ₹5,000 సిప్ కడుతున్నాను, తేదీ 5. 2025 ఏప్రిల్ నుంచి డిసెంబరు వరకు బ్యాంకు స్టేట్‌మెంటులో తొమ్మిదిసార్లు డబ్బు కట్ అయ్యింది. ఫండ్ స్టేట్‌మెంటులో ఎనిమిది కొనుగోళ్లే ఉన్నాయి, మొత్తం ₹39,998. తేదీలూ కలవడం లేదు. అక్టోబరు 6న కట్ అయిన డబ్బుకు యూనిట్లే లేవు. ఏజెంటేమో బ్యాంకును అడగమంటాడు, బ్యాంకువాళ్లు ఫండ్‌ను అడగమంటారు. ఫండ్ కంపెనీకి లాయర్ నోటీసు పంపవచ్చా? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: పంపవచ్చు గానీ ఇప్పుడే వద్దు. ఫండ్‌కు నోటీసు ఇచ్చాక ఆ ₹5,000 అసలు వాళ్లదాకా చేరలేదని తేలితే, వాళ్లు రెండు వాక్యాల్లో జవాబిచ్చి చేతులు దులుపుకుంటారు. మీకు రెండు నెలలు వృథా. డబ్బు దారిలో ఎక్కడ ఆగిందో ముందు తేల్చండి. ఎవరిమీద ఫిర్యాదు చేయాలో అప్పుడు దానంతటదే తెలుస్తుంది.

మీరు పెట్టిన మూడు అనుమానాల్లో రెండింటికి కారణం మామూలే. వాటిని పక్కన పెట్టేస్తే మూడోది స్పష్టంగా కనిపిస్తుంది.

మొదట ఆ ₹39,998. ఎనిమిది కిస్తీలంటే ₹40,000 కావాలి కదా, రెండు రూపాయలు ఎటుపోయాయి? 2020 జులై 1 నుంచి మ్యూచువల్ ఫండ్ యూనిట్ల కొనుగోలుపై 0.005 శాతం స్టాంపు డ్యూటీ పడుతోంది. ₹5,000కి 25 పైసలు. ప్రతి కిస్తీలో ₹4,999.75కే యూనిట్లు వస్తాయి. దాన్ని ఎనిమిదితో హెచ్చిస్తే సరిగ్గా ₹39,998. అంటే ఆ ఎనిమిది కిస్తీల లెక్కలో తప్పేమీ లేదు. ఈ 25 పైసల మీద ఎవరికీ ఉత్తరం రాయకండి. ఇలాంటివి కలిపితే అసలు ఫిర్యాదు పలచబడుతుంది.

రెండోది తేదీలు. మీ ఖాతాలో డబ్బు కట్ అయిన రోజుకే యూనిట్లు ఇవ్వాలని చాలామంది అనుకుంటారు. ఒకప్పుడు రెండు లక్షల లోపు కొనుగోళ్లకు దరఖాస్తు సమయాన్ని బట్టి ఎన్‌ఏవీ, అంటే ఆ రోజు యూనిట్ ధర, ఇచ్చేవారు. 2021 ఫిబ్రవరి 1 నుంచి సెబీ ఆ పద్ధతి తీసేసింది. ఇప్పుడు మొత్తం ఎంతైనా సరే, ఆ డబ్బు ఫండ్ ఖాతాలో వాడుకోవడానికి వీలుగా చేరిన రోజు ఎన్‌ఏవీయే వర్తిస్తుంది. ఈక్విటీ ఫండ్లకైతే మధ్యాహ్నం మూడు గంటల్లోపు చేరాలి. దాటితే తర్వాతి పనిదినం ఎన్‌ఏవీ పడుతుంది. ఏజెంటు ద్వారా ఎక్స్చేంజి ప్లాట్‌ఫాం మీద పెట్టిన సిప్ అయితే, డబ్బు మీ బ్యాంకు నుంచి నాచ్ అనే ఆటోమేటిక్ చెల్లింపుల వ్యవస్థ ద్వారా ముందు క్లియరింగ్ కార్పొరేషన్‌కు పోయి, అక్కడి నుంచి ఫండ్‌కు చేరుతుంది. మీ పాస్‌బుక్కులో ఫండ్ పేరు లేకుండా `ACH D- INDIAN CLEARING CORP` లాంటి అక్షరాలు కనిపించేది అందుకే. ఈ మధ్య మజిలీలో ఒక రోజు పోవడం మామూలే.

మీ నెలలు క్యాలెండరుతో చూడండి. 2025లో ఏప్రిల్ 5, జులై 5 శనివారాలు. అక్టోబరు 5 ఆదివారం. నవంబరు 5న గురునానక్ జయంతి, స్టాక్ మార్కెట్‌కు సెలవు. ఈ నాలుగు నెలల్లో యూనిట్ల తేదీ 5న ఉండే అవకాశమే లేదు. కట్ అయిన తేదీకీ యూనిట్ల తేదీకీ మధ్య ఒకటి రెండు పనిదినాల తేడా ఉంటే దాన్ని తేడాగా రాసుకోకండి. నాలుగైదు పనిదినాలు దాటితే మాత్రం ఎర్ర సిరాతో గుర్తు పెట్టండి.

తేదీ నమ్మదగినదా కాదా అన్నది యూనిట్లతోనే పరీక్షించవచ్చు. స్టేట్‌మెంటులో ఒక కిస్తీ ఎదురుగా ఎన్‌ఏవీ ₹83.4127 అని, యూనిట్లు 59.940 అని ఉందనుకుందాం. లెక్క ఇలా వేయాలి.

```
(5000 - 0.25) / 83.4127 = 59.940
```

ఆ తేదీన ఆ స్కీమ్ ఎన్‌ఏవీ అంతేనా అని ఫండ్ సంస్థల సంఘమైన ఆంఫీ వెబ్‌సైటులోని పాత ఎన్‌ఏవీల పట్టికలో చూడండి. చూసేటప్పుడు రెగ్యులరా డైరెక్టా, గ్రోత్ ఆప్షనా కాదా అన్నది జాగ్రత్త. తప్పు వరుస చూసి నా దగ్గరకు ఆవేశంగా వచ్చిన వాళ్లున్నారు. డబ్బు ఒక రోజు ముందే ఫండ్‌కు చేరిందనీ, ఆ రోజు ఎన్‌ఏవీ ₹82.9050 అనీ అనుకోండి. అప్పుడు మీకు 60.307 యూనిట్లు రావాలి. తేడా 0.367 యూనిట్లు, సుమారు ముప్పై రూపాయలు. ఒక కిస్తీకి చిన్న మొత్తమే. కానీ ప్రతి నెలా అదే ఆలస్యం జరుగుతుంటే అది ఎక్కడ జరుగుతోందని రాతపూర్వకంగా అడిగే హక్కు మీకుంది.

ఇక అసలు సంగతి, అక్టోబరు 6. కాగితం మీద ఎడమవైపు బ్యాంకు తేదీ, మొత్తం, ఆ వరుసలోని రిఫరెన్సు నంబరు రాయండి. కుడివైపు ఫండ్ తేదీ, మొత్తం, ఎన్‌ఏవీ, యూనిట్లు రాయండి. అక్టోబరు ఎదురుగా కుడివైపు ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీకి కారణాలు నాలుగు ఉండవచ్చు. నాలుగింటికీ ప్రతివాది వేరు.

మొదటిది, డబ్బు తిరిగి వచ్చేసి ఉండవచ్చు. అక్టోబరు స్టేట్‌మెంటుతో ఆపకుండా నవంబరు చివరిదాకా జమల గడి చదవండి. తిరిగొచ్చిన ₹5,000 వేరే పేరుతో, వేరే రకం వివరణతో పడుతుంది. మీరు కట్ అయిన వరుసలే లెక్కపెట్టి ఉంటారు కాబట్టి అది కంటపడకపోవచ్చు. అదే రోజు రిటర్న్ అయినట్టు ఉంటే పక్కనే రిటర్న్ చార్జీ, దానిపై జీఎస్టీ కూడా ఉంటాయి. ఇదే జరిగితే మీరు నష్టపోయిన సొమ్ము లేదు. కిస్తీ ఒకటి తప్పింది, అంతే. అయితే వరుసగా మూడు నెలలు ఇలా అయితే నెలవారీ సిప్‌ను ఫండ్ రద్దు చేయవచ్చు. అది గమనించుకోండి.

రెండోది, యూనిట్లు ఇంకో ఫోలియోలో, అంటే ఫండ్ దగ్గర మీ పేరున ఉన్న ఇంకో ఖాతాలో, పడి ఉండవచ్చు. ఏజెంటు సిప్‌ను తిరిగి నమోదు చేసేటప్పుడు పాత ఫోలియో నంబరు ఇవ్వకపోతే కొత్తది పుడుతుంది. ఒక్క ఫోలియో స్టేట్‌మెంటు చూస్తే ఇది ఎప్పటికీ దొరకదు. మీ పాన్‌తో అన్ని ఫండ్లనూ కలిపి ఇచ్చే కన్సాలిడేటెడ్ స్టేట్‌మెంటు తెప్పించుకోండి. ఫండ్ల తరఫున ఖాతాల లెక్కలు చూసే రిజిస్ట్రార్లు క్యామ్స్, కేఫిన్‌టెక్ వెబ్‌సైట్లలో మీ ఈమెయిలు ఇచ్చి అడిగితే మెయిలుకే వస్తుంది. ‘సారాంశం’ కాకుండా ‘వివరంగా’ అన్నది ఎంచుకోండి, జీరో బ్యాలెన్సు ఫోలియోలు కూడా చేర్చండి. ఫోలియోలో ఉన్న ఈమెయిలు వేరైతే అందులోకి రాదు. డీమ్యాట్‌లో ఉన్న యూనిట్లకు డిపాజిటరీ పంపే స్టేట్‌మెంటు విడిగా చూడాలి.

మూడోది, డబ్బు మీ బ్యాంకు దాటింది గానీ ఫండ్‌కు చేరలేదు. నాలుగోది, ఫండ్‌కు చేరింది గానీ యూనిట్లు ఇవ్వలేదు. పోరాటం ఉండేది ఈ రెండిట్లోనే. వీటిని విడదీయడానికి బ్యాంకును ఒక్కటే అడగండి. అక్టోబరు 6 నాటి డెబిట్ ఏ మాండేట్ మీద, అంటే డబ్బు కట్ చేసుకోవడానికి మీరిచ్చిన ఏ అనుమతి మీద జరిగింది, ఆ మాండేట్‌కు ఉండే ప్రత్యేక నంబరు యూఎంఆర్‌ఎన్ ఏమిటి, సొమ్ము సక్సెస్‌గా సెటిల్ అయిందా, అయితే ఎవరి పేరున? బ్రాంచిలో నోటిమాటగా కాదు, ఉత్తరం రాసి రసీదు తీసుకోండి. ఒక్కోసారి ఆ యూఎంఆర్‌ఎన్ మీ సిప్‌ది కాదని, పాత లోన్‌దో ఇన్సూరెన్సుదో అని తేలుతుంది. మొత్తం ఒకటే కావడంతో పొరబడటం సులువు.

సెటిల్ అయిందని బ్యాంకు రాసిచ్చాక ఆ కాగితం జతచేసి ఫండ్‌కూ, దాని రిజిస్ట్రారుకూ, ఏజెంటు వాడిన ప్లాట్‌ఫాంకూ ఒకే ఉత్తరం పంపండి. అందులో ఫోలియో నంబరు, స్కీమ్, యూఎంఆర్‌ఎన్, డెబిట్ తేదీ, రిఫరెన్సు నంబరు ఉండాలి. ‘ఈ సొమ్ము మీ ఖాతాకు ఏ తేదీన చేరింది’ అని సూటిగా అడగాలి. వాళ్ల జవాబుతో మూడో దారా నాలుగో దారా అన్నది తేలిపోతుంది.

ఇక్కడ ఏం కోరాలన్నది ముఖ్యం. చాలామంది ‘నా ₹5,000 తిరిగివ్వండి’ అని రాస్తారు. డబ్బు ఫండ్‌కు చేరిన తర్వాత యూనిట్లు ఆగిపోయి ఉంటే అలా అడగకండి. చేరిన తేదీ ఎన్‌ఏవీతోనే యూనిట్లు కేటాయించమని కోరండి. మార్కెట్ పెరిగి ఉంటే వాపసు తీసుకోవడం మీకు నష్టం. పైగా పన్ను లెక్కల్లో కాలం కూడా కేటాయింపు తేదీ నుంచే నడుస్తుంది. డబ్బు దారిలోనే ఆగితే మాత్రం ఫండ్ మీద ఆ కోరిక నిలవదు. అప్పుడు వాపసు, ఆలస్యానికి పరిహారం ఎవరి దగ్గర ఆగిందో వాళ్లనే అడగాలి.

ఫండ్ జవాబు ఇవ్వకపోయినా, సంతృప్తిగా లేకపోయినా సెబీ స్కోర్స్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. సంస్థ 21 రోజుల్లో స్పందించాలి. ఘటన జరిగిన ఏడాదిలోపు పెట్టాలి కాబట్టి మీ అక్టోబరు తేదీని మరిచిపోకండి. అక్కడా తేలకపోతే వివాదాలను ఆన్‌లైన్‌లో పరిష్కరించే స్మార్ట్ ఓడీఆర్ ఉంది. కానీ అదే వివాదం కోర్టులోనో వినియోగదారుల కమిషన్‌లోనో నడుస్తుంటే ఓడీఆర్ తీసుకోదు. అందుకే అన్ని తలుపులూ ఒకేసారి తట్టకండి. తప్పు బ్యాంకుదైతే ముందు బ్యాంకుకే ఫిర్యాదు చేసి 30 రోజులు ఆగి, ఆ తర్వాత ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో పెట్టాలి.

కమిషన్ దాకా వెళ్లాల్సి వస్తే వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 69 ప్రకారం గడువు రెండేళ్లు. ఇది పెట్టుబడి, వ్యాపారం, కాబట్టి మీరు వినియోగదారుడు కాదని అవతలివాళ్లు వాదించవచ్చు. ఇంటి పొదుపుగా నెలకు ₹5,000 కట్టేవాళ్ల విషయంలో ఆ వాదనకు బలం తక్కువ. అక్కడికి ఫోన్ స్క్రీన్‌షాట్లతో వెళ్లకండి. బ్యాంకు స్టేట్‌మెంటు కాపీకి బ్యాంకర్స్ బుక్స్ ఎవిడెన్స్ చట్టం, 1891 ప్రకారం బ్యాంకు నుంచి సర్టిఫికేటు తీసుకోండి. మెయిలులో వచ్చిన ఫండ్ స్టేట్‌మెంటు ప్రింటుకు భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని సెక్షన్ 63 సర్టిఫికేటు జతచేయాలి. ఆ మెయిలును తొలగించకుండా అలాగే ఉంచండి. లాయర్ నోటీసు అప్పుడు ఇద్దాం, దానిపై ఎవరి పేరు రాయాలో అప్పటికి మీ దగ్గర రాతపూర్వకంగా ఉంటుంది.