రెండు ప్రాజెక్టులను కలిపే ప్రశ్న

"టమాటా ఆకు తెగుళ్ల ప్రాజెక్టు, ఫేస్ అటెండెన్స్ ప్రాజెక్టు చేశాను. యూనివర్సిటీ అప్లికేషన్ ఎస్‌ఓపీలో వీటిని కంప్యూటర్ విజన్ ఇంట్రెస్ట్‌కి ఎలా కలపాలి?"

కంప్యూటర్ విజన్ అనేది సబ్జెక్టు పేరండీ, రీసెర్చ్ ప్రశ్న కాదు. ముందు రెండింట్లోనూ మోడల్ ఎక్కడ తప్పిందో చూడండి. ప్లాంట్‌విలేజ్ డేటా వాడి ఉంటే, అందులోవి సాదా బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టి తీసిన విడి ఆకులు. పొలంలో తీసిన ఫొటో ఇస్తే అక్యూరసీ బాగా పడిపోతుంది. అటెండెన్స్‌లో కిటికీ వెలుతురు మారినా అదే తంతు. ట్రైనింగ్ డేటాకీ, వాడే చోటుకీ మధ్య ఉన్న ఈ తేడా, అంటే డొమైన్ షిఫ్ట్, మీ ప్రశ్న.

పొలం ఫొటోలు ఓ వంద తీసి టెస్ట్ చేయండి. ప్రాజెక్టు పేరాలో వరస ఇలా ఉండాలి: "టెస్ట్ సెట్‌లో ఇంత, పొలంలో ఇంత వచ్చింది. ఆగ్మెంటేషన్‌తో కొంత పెరిగింది, నీడ పడిన ఆకుల దగ్గర మాత్రం పెరగలేదు." ఆ మిగిలిపోయిన చిక్కు నుంచే తర్వాతి పేరా మొదలుపెట్టి, దాని మీద పనిచేసే ప్రొఫెసర్ పేపర్ చదివి, ఆ ప్రొఫెసర్ పేరు రాయండి. లైబ్రరీల జాబితా రెజ్యూమెలో ఎలాగూ ఉంటుంది, ఇక్కడ తీసేయండి.